విషయం: ఉద్యోగంలో చేరే తేదీని జులై 1 నుంచి జులై 13కు మార్చవలసిందిగా మనవి

మానవ వనరుల విభాగం మేనేజర్ గారికి,
నమస్కారం.

మీ మాసపత్రికలో ఉప సంపాదకుడిగా నన్ను తీసుకుంటూ మీరు పంపిన నియామక పత్రానికి మే 22న అంగీకారం తెలిపాను. అందులో చేరే తేదీ జులై 1, బుధవారం. ఆ తేదీని జులై 13, సోమవారానికి మార్చమని అడగడానికే ఈ ఉత్తరం. మా నాన్నగారి సంవత్సరీకం జులై 10న వస్తోంది. నేను పెద్ద కొడుకుని, కర్తను.

ఈ సంగతి అంగీకరించేటప్పుడే ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. తప్పు నాదే. నాన్నగారు పోయినేడు జూన్ 21న, జ్యేష్ఠ బహుళ ఏకాదశి నాడు కాలం చేశారు. ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వస్తోంది: మే 17 నుంచి జూన్ 15 వరకు అధికం, ఆ తరువాత నిజం. అధిక మాసంలోని బహుళ ఏకాదశి జూన్ 11న పడుతుంది కనుక పన్నెండు నెలలూ నిండే ఆ రోజే సంవత్సరీకం అనుకున్నాను. అమ్మ కూడా గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఆ లెక్క ప్రకారం జులై 1కి ఇరవై రోజుల వ్యవధి ఉంది. అందుకే మీరు ఆ తేదీ చెప్పగానే సరేనన్నాను.

గత బుధవారం మా పెదనాన్నగారు పురోహితుల వారితో మాట్లాడి ఫోను చేశారు. అధిక మాసంలో ఆ నెల మాసికం మాత్రమే పెట్టాలని, సంవత్సరీకం నిజ జ్యేష్ఠంలోనే జరగాలని ఆయన తేల్చి చెప్పారట. ఈ విషయంలో అన్ని ఇళ్లదీ ఒకే పద్ధతి కాదని నాకు తెలుసు. అధికంలోనే పెట్టేవారూ ఉన్నారు, రెండుసార్లు పెట్టేవారూ ఉన్నారు. మా ఇంట్లో తాతగారి నాటి నుంచీ నిజ మాసమేనని పెదనాన్నగారు అన్నాక నేను వాదించలేదు. అమ్మ క్యాలెండరులో ఆ సున్నాను కొట్టేసి, పేజీ తిప్పి, జులై 10కి ఇంకొకటి చుట్టింది.

నవ్వుకోవలసిన సంగతి ఒకటుంది. ఇప్పుడు నేను పనిచేస్తున్న ముద్రణాలయంలో పరాభవ నామ సంవత్సర పంచాంగం ప్రూఫులు దిద్దింది నేనే. అధిక జ్యేష్ఠం పుటలో ‘అధిక’ అన్న మాట ఒకచోట జారిపోతే ఎర్ర పెన్నుతో చేర్చింది కూడా నేనే. మీరు నన్ను తీసుకుంటున్నది తప్పులు పట్టే పనికే కాబట్టి, ఇది నా నోటితో చెప్పడమే మేలు అనిపించింది.

కార్యక్రమం రావులపాలెం పక్కన మా ఊళ్లోనే. 8వ తేదీ నుంచి 10 వరకు మూడు రోజులూ నేను పీటల మీద ఉండాలి. 11న బంధువులను సాగనంపి, 12 ఆదివారం రాత్రి బస్సెక్కితే సోమవారం ఉదయానికి హైదరాబాదులో ఉంటాను. మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు కూడా సెలవు మార్చుకుని 6న వస్తున్నాడు. పోయినేడు వాడికి విమానం దొరికి ఇల్లు చేరేసరికి దహనం అయిపోయింది. అందుకని ఈ మూడు రోజులను ఒక రోజుకు కుదించే మాట ఇంట్లో నేను ఎత్తలేను.

‘1న చేరి, నడుమ సెలవు పెట్టుకోవచ్చు కదా’ అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. నేనూ ముందు అదే ఆలోచించాను. మీ నియామక పత్రం ప్రకారం మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, అందులో మొదటి మూడు నెలలు సెలవులు లేవు. మొదటి రెండు వారాలు పుటల అమరికలో శిక్షణ. చేరిన ఆరో రోజున శిక్షణ మధ్యలో వదిలి వెళ్తే, నేర్పేవారు నా ఒక్కడి కోసం మళ్లీ మొదలుపెట్టాలి. అంతకంటే 13న చేరి ఏకబిగిన పూర్తిచేయడమే ఇద్దరికీ అనుకూలమని నాకు తోచింది. ఆగస్టు సంచిక జులై 20 తరువాత అచ్చుకు వెళ్తుందని ఇంటర్వ్యూలో సంపాదకులు చెప్పారు. 13న చేరితే ఆ చివరి వారం ప్రూఫుల రద్దీకి అందుతాను.

అలా కాక, 1వ తేదీ తప్పనిసరి అయితే అదే చెప్పండి. 1న చేరి 6 సాయంత్రం వరకు పనిచేస్తాను. 7 నుంచి 11 వరకు జీతం లేని సెలవు ఇప్పించండి. నాకు మొదటి పద్ధతి నచ్చుతుంది గానీ, రెండోదానికి కూడా సిద్ధమే. ఈ రెండూ కుదరకపోతే మాత్రం ఫోనులో ఒకసారి మాట్లాడే అవకాశం ఇవ్వండి.

తేదీ మారితే జీతం, ప్రొబేషన్ కాలం 13 నుంచే లెక్కించండి. 1 నుంచి 12 వరకు నాకు ఏమీ రానక్కరలేదు. ఇక్కడి ఉద్యోగం నుంచి జూన్ 30న విడుదల అవుతున్నాను, అందులో మార్పు లేదు. విడుదల పత్రం అందగానే నకలు మీకు పంపుతాను. మీ పత్రిక శైలి నియమాల ప్రతి ఉంటే ముందుగా పంపించండి, ఖాళీగా ఉన్న రోజుల్లో చదువుకుంటాను. మీరు ‘చేయవలసి’ అని రాస్తారో ‘చెయ్యవలసి’ అని రాస్తారో తెలుసుకుని వస్తే మొదటి రోజు సగం గొడవ తగ్గుతుంది.

చెప్పిన తేదీన చేరకపోతే నియామకం రద్దవుతుందని పత్రంలో ఏడో అంశంగా ఉంది. అందువల్ల మీరు సరే అన్నా, నోటిమాటతో సరిపెట్టకుండా, మార్చిన తేదీతో సవరణ పత్రమో, కనీసం ఈ మెయిలుకు జవాబుగా రెండు వాక్యాలో పంపమని కోరుతున్నాను. జూన్ 15 లోగా తెలిస్తే హైదరాబాదులో చూసుకున్న గది యజమానికి ఏ తేదీ నుంచి అద్దె మొదలవుతుందో చెప్పగలుగుతాను. ఆయన రోజుకోసారి ఫోను చేస్తున్నారు.

ఇంకొక మాట. జులై 15న ఆషాఢం వస్తోంది, ఆ నెలలో కొత్త ఉద్యోగంలో చేరకూడదని మా బంధువుల్లో కొందరు అంటున్నారు. శ్రావణం దాకా ఆగమని సలహా కూడా ఇచ్చారు. నాకు ఆ పట్టింపు లేదు. 13 తరువాత ఇంకో తేదీ అడగను.

మీకు కలిగిస్తున్న ఇబ్బందికి మన్నించగలరు.

ఇట్లు
భవదీయుడు,
వేణుగోపాల్

రాజమహేంద్రవరం, జూన్ 8, 2026

ప్రతి: సంపాదకులు గారికి
జతపరచినవి: మే 22న సంతకం చేసి పంపిన నియామక పత్రం నకలు, ప్రస్తుత ఉద్యోగానికి నేనిచ్చిన రాజీనామా ఆమోద పత్రం నకలు