నాన్న పొలంలో నా వాటా గురించి అన్నయ్యకు, తమ్ముడికి

రాజమహేంద్రవరం,
12 నవంబరు 2025

పెద్దన్నయ్యకు, వదినకు నమస్కారాలు. తమ్ముడు శీనుకు, మరదలికి ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

అన్నయ్యా, పోయిన వారం నువ్వు ఫోను చేసి, పొలం మీ ఇద్దరి పేర్ల మీదికి మార్చాలి, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టడానికి ఒకసారి తెనాలి రమ్మన్నావు. అప్పుడు సరేనని గానీ కాదని గానీ అనలేకపోయాను. ఫోనులో మాట జారితే వెనక్కి తీసుకోలేం. అందుకే రాస్తున్నాను. ఆ పత్రం మీద నేను సంతకం పెట్టను. నాన్న పొలంలో నా భాగం నాకు ఇవ్వమని మీ ఇద్దరినీ అడుగుతున్నాను.

ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. మీ బావగారు చెప్పించారని అనుకోకండి. పుట్టింటి విషయం, నీ ఇష్టమని ఆయన ఊరుకున్నారు.

ఆరెకరాలూ తాతయ్య నుంచి వచ్చినవే. పంపకాలు జరగలేదు, నాన్న వీలునామా రాయలేదు, అమ్మ ముందే వెళ్లిపోయింది. ఇక మిగిలింది మనం ముగ్గురం. ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా అని దేశమంతటికీ చట్టం వచ్చింది 2005లోనే అయినా, మన రాష్ట్రంలో రామారావు గారి హయాంలోనే, 1985 సెప్టెంబరు నుంచి, పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చారు. అప్పటికి నేను బడికి వెళ్లే పిల్లను. 1998లో నా పెళ్లి మాటలు జరిగినప్పుడు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకూ తెలియదు.

పెళ్లికి లక్షన్నర కట్నం, ఎనిమిది కాసుల బంగారం ఇచ్చాం కదా అని పెదనాన్న ఆ రోజు నలుగురిలో అన్నారు. ఇచ్చారు, నేను కాదనను. అన్నయ్య ఇంజనీరింగు చదువుకు, శీను ట్రాక్టరుకు కూడా నాన్నే పెట్టారు. వాటిని నేను లెక్కలోకి తేవడం లేదు. నా పెళ్లి ఖర్చూ తేవద్దు. కట్నం అత్తవారింటికి వెళ్లింది; నా పేరున సెంటు భూమి లేదు. చాలా ఇళ్లలో పసుపు కుంకుమల కింద అర ఎకరమైనా రాస్తారు, మన ఇంట్లో అదీ జరగలేదు.

శీనూ, చివరి రెండేళ్లు నాన్నను కనిపెట్టుకుని ఉన్నది నువ్వూ నా మరదలూ. రాత్రిళ్లు లేచి చూసింది మీరు. దాన్ని డబ్బుతో కట్టలేను కాబట్టి ఇల్లు, దొడ్డి నువ్వే ఉంచుకో. వాటిలో నేను భాగం అడగను. అన్నయ్య కూడా ఇందుకు ఒప్పుకుంటాడనే నా నమ్మకం. ఆసుపత్రికి చేసిన అప్పు, సొసైటీ బాకీ ఎంతున్నా మూడో వంతు నేను కడతాను.

పొలంలో నాకు వచ్చేది రెండెకరాలు. రోడ్డు వైపు చెక్క ధర పలుకుతుందని తెలుసు, అది మీరే తీసుకోండి. కాలువ చివరి మాగాణి నాకు ఇచ్చినా చాలు. పంపకం వల్ల శీను సేద్యం దెబ్బతినకూడదు. నా రెండెకరాలూ అతనే చేసుకుంటాడు, ఊళ్లో నడిచే కౌలు ఇస్తే సరిపోతుంది. మినుములు చల్లాక, కోతలయ్యాక ఇవ్వవచ్చు, నేను తొందరపెట్టను. ఒకవేళ భూమి చీలకూడదని మీరిద్దరూ అనుకుంటే, ఊళ్లో పెద్దలు చెప్పిన ధర కట్టి రెండు మూడేళ్లలో వాయిదాలుగా ఇచ్చినా సమ్మతమే. కానీ నా చేత ఉత్తినే హక్కు వదులుకున్నట్టు రాయించుకోవద్దు. రేపు నా కూతురు అడిగితే ఏం చెప్పాలి?

కోర్టు, నోటీసు అనే మాటలు నా నోట రావు. వాటి ఊసు లేకుండానే తేలుతుందని అనుకుంటున్నాను. సంక్రాంతికి ఎలాగూ అందరం కలుస్తాం. భోగి మరుసటి రోజు కాకుండా, కనుమ అయ్యాక ఒక పూట కూర్చుందాం. పెదనాన్నను, మేనమామను పిలవండి. పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ నకలు, సొసైటీ బాకీ కాగితాలు అన్నయ్య తెచ్చి ఉంచితే సర్వే నంబర్ల వారీగా చూసుకోవచ్చు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టేటప్పుడు నా పేరు కూడా తప్పకుండా రాయించండి. అప్పటివరకు రెవెన్యూ ఆఫీసులో పేర్ల మార్పిడికి ఏ దరఖాస్తూ పెట్టకండి.

నా మాటలో ఎక్కడైనా కటువు తోస్తే నాకే ఫోను చేసి అడగండి, మధ్యవారి ద్వారా వద్దు. శీనూ, నాన్న సంవత్సరీకం ఖర్చులో నా వంతు ఎంతో కూడా అప్పుడే చెప్పు.

మీ
సరోజ