ఆర్డర్ నంబర్ SD-48213076: డిస్పాచ్ కాకముందే డెలివరీ అడ్రస్ మార్చాలి, అర్జెంట్

నమస్తే అండి,

నా ఆర్డర్ నంబర్ SD-48213076. స్టడీ టేబులూ దానితో పాటు కుర్చీ, 11వ తారీఖున పెట్టాను, డబ్బులు అప్పుడే యూపీఐలో కట్టేశాను. ఇప్పుడే మీ సైట్‌లో చూశాను, ఇంకా ప్యాకింగ్‌లోనే ఉందని చూపిస్తోంది, 16న డిస్పాచ్ అని ఉంది. ఈ లోపే డెలివరీ అడ్రస్ మార్చండి ప్లీజ్. పాత అడ్రస్‌కి మాత్రం పంపొద్దు. కింద చాలా రాశాను, అంతా చదివే టైమ్ లేకపోతే కనీసం ఇక్కడిదాకా, ఈ కొత్త అడ్రస్ దాకా చూడండి చాలు.

కొత్త అడ్రస్:
మాధవి
ఫ్లాట్ నంబర్ 302, మూడో అంతస్తు
సాయి కృప రెసిడెన్సీ (నీలం గేటు)
రోడ్ నంబర్ 6, వాటర్ ట్యాంక్ వెనక సందు
వనస్థలిపురం
హైదరాబాద్, తెలంగాణ
పిన్‌కోడ్ 500070

తీసేయాల్సిన పాత అడ్రస్: ఫ్లాట్ నంబర్ 104, కూకట్‌పల్లి, హైదరాబాద్, పిన్‌కోడ్ 500072.

పిన్‌కోడ్ ఒక్కటి కాస్త జాగ్రత్తగా చూడండి. పాతది 72తో అయిపోతుంది, కొత్తది 70తో. ఒక్క అంకె తేడా అంతే, ఊరు పేరు కూడా అదే, కానీ ఈ రెండూ ఊరికి ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి. ఎవరైనా తొందరలో పైన అడ్రస్ మార్చేసి పిన్‌కోడ్ మార్చడం మర్చిపోతే కొరియర్ వాళ్ల సార్టింగ్‌లో పిన్‌కోడ్‌నే చూస్తారు కాబట్టి మళ్లీ కూకట్‌పల్లి హబ్‌కే పోతుంది, అక్కడి డెలివరీ అబ్బాయి వనస్థలిపురం అని చూసి ఇది మా ఏరియా కాదని వెనక్కి పంపిస్తాడు, అది మీ దగ్గరికి తిరిగొచ్చేసరికి మీకూ నాకూ ఇద్దరికీ తలనొప్పే.

మార్చడానికి కారణం ఇల్లు మారుతున్నాం. ఆర్డర్ పెట్టినప్పుడు నెలాఖరుకి మారదామనుకున్నాం, కానీ కొత్త ఇంటి ఓనర్ ముందే తాళాలు ఇచ్చేశారు, పాత ఇంట్లోకి వేరేవాళ్లు 18న దిగుతున్నారు. అంటే మీ టేబుల్ వచ్చే రోజుకి ఆ 104లో ఉండేది మేం కాదు. నిజానికి తప్పు నాదే, ఆర్డర్ పెట్టేటప్పుడే కొత్త అడ్రస్ ఇచ్చుండాల్సింది.

నా అంతట నేను మార్చుకోడానికి ట్రై చేయలేదనుకోకండి. ఆర్డర్ పేజీలో అడ్రస్ పక్కన పెన్సిల్ గుర్తు ఉంది గానీ నొక్కితే ఏం అవ్వట్లేదు. నా ప్రొఫైల్‌లోకి వెళ్లి సేవ్ అయిన అడ్రస్ మార్చాను, అది మారింది, మెయిల్ కూడా వచ్చింది, హమ్మయ్య అనుకుని మళ్లీ ఈ ఆర్డర్ ఓపెన్ చేస్తే దీంట్లో మాత్రం పాతదే. ప్రొఫైల్‌లో మార్చింది ఇక మీదట పెట్టే ఆర్డర్లకే పనికొస్తుందట, పెట్టేసిన దాన్ని మీ వైపు నుంచే మార్చాలట. నిన్న సాయంత్రం మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకమ్మాయి చాలా ఓపిగ్గా విని "నోట్ పెట్టాను మేడమ్" అన్నారు. ఆ అమ్మాయిని తప్పు పట్టట్లేదు గానీ ఆ నోట్ మాట వింటేనే నాకు భయం.

ఎందుకంటే రెండేళ్ల కింద ఇలాగే ఇంకో సెల్లర్ దగ్గర జరిగింది, వాళ్లూ నోట్ పెట్టాం అన్నారు, నేను నిశ్చింతగా ఉన్నాను, డెలివర్డ్ అని మెసేజ్ వచ్చాక చూస్తే పార్సిల్ పాత ఇంటికి వెళ్లింది, అప్పటికి అక్కడ దిగినవాళ్లు ఎవరికోలే అని తీసి పెట్టేసుకుని ఊరెళ్లిపోయారు. పదకొండు రోజులు తిరిగాను దానికోసం. నోట్ వాళ్ల కంప్యూటర్‌లోనే ఉండిపోయింది, డబ్బా మీద అంటించిన లేబుల్ మీద మాత్రం పాత అడ్రస్సే. డెలివరీ అబ్బాయికి మన నోట్లు ఎక్కడ కనిపిస్తాయి చెప్పండి, అతని చేతిలో ఉండేది డబ్బా, దాని మీది లేబుల్, ఫోన్‌లో అడ్రస్, అంతే కదా.

అందుకే నా రిక్వెస్ట్ ఏంటంటే నోట్ కాదు, ఆర్డర్‌లోనే అడ్రస్ మార్చి, దాని మీద కొత్త లేబుల్ తీయండి. ఒకవేళ ఇప్పటికే లేబుల్ ప్రింట్ అయిపోయి ఉంటే దాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన కొత్తది రాయొద్దు, బార్‌కోడ్ స్కాన్ చేస్తే మళ్లీ పాతదే వస్తుంది కదా. ఆ ట్రాకింగ్ నంబర్ క్యాన్సిల్ చేసి కొత్తది జెనరేట్ చేయాలి, పాత లేబుల్ పూర్తిగా పీకేయాలి లేదా పైన కొత్తది పూర్తిగా కప్పేలా అంటించాలి. రెండు లేబుళ్లూ కనిపిస్తే స్కానర్‌కి ఏది దొరికితే అది. మీకు తెలియని విషయం కాదు, నేను చెప్పడం ఏంటి అనుకోవద్దు, ఒకసారి దెబ్బ తిన్నదాన్ని.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇది ఒక్క పార్సిల్ కాదు. ఆర్డర్ లోపల రెండుగా విడగొట్టి ఉంది, SD-48213076-01 అని టేబుల్, అది రెండు డబ్బాల్లో వస్తుందని రాసి ఉంది, SD-48213076-02 అని కుర్చీ, అది వేరే గోడౌన్ నుంచి వస్తుందట. కాబట్టి అడ్రస్ 01కీ 02కీ రెండింటికీ మార్చాలి, టేబుల్ డబ్బాలు రెండింటి మీదా లేబుల్ మారాలి. టేబుల్ పైపలక నా దగ్గరికొచ్చి కాళ్లు కూకట్‌పల్లి వెళ్లాయనుకోండి, అప్పుడు నేనేం చేసుకోను దాన్ని.

బిగించడానికి మీ మనిషి వస్తాడని ఆర్డర్‌లోనే ఉంది కదా, ఆ బుకింగ్ కూడా పాత అడ్రస్ మీదే ఉండుంటుంది. దాన్నీ కొత్త అడ్రస్‌కి మార్చండి, లేకపోతే టేబుల్ ఇక్కడ, బిగించే అబ్బాయి అక్కడ తలుపు కొడుతూ ఉంటాడు పాపం.

ఫోన్ నంబర్ సంగతి. ఆర్డర్‌లో మొదటి నంబర్, 46తో అయిపోయేది, అది నాదే, అది అలాగే ఉంచండి. రెండో నంబర్, 09తో అయిపోయేది, మా తమ్ముడిది, దయచేసి తీసేయండి. వాడు కూకట్‌పల్లిలోనే పాత ఇంటికి రెండు సందుల అవతల ఉంటాడు, నా ఫోన్ ఒక్కసారి కలవకపోయినా కొరియర్ వాళ్లు వాడికి చేస్తారు, వాడేమో "ఆ ఆ, ఇక్కడే ఇచ్చేయండి, నేను తీసుకుంటా" అనేస్తాడు, మంచి చేస్తున్నాననుకునే. తర్వాత రెండు డబ్బాలు, ఒక కుర్చీ ఊరు దాటించేది మళ్లీ నేనే.

డెలివరీ 18 తర్వాత ఏ రోజైనా పర్వాలేదు. 17న సామాను దించుకుంటూ ఉంటాం, ఆ రోజు మాత్రం వద్దు. మీ మామూలు లెక్కలో 18కి ముందే వచ్చేలా ఉంటే రెండు రోజులు ఆపి పంపండి, లేటైందని నేను కంప్లైంట్ ఏం పెట్టను. డెలివరీ అబ్బాయికి చెప్పాల్సింది ఇంకొకటి, ఆ సందులోకి పెద్ద వ్యాన్ తిరగదు, వాటర్ ట్యాంక్ దగ్గర ఆపి ఫోన్ చేస్తే నేను కిందకి వస్తా. లిఫ్ట్ ఉంది గానీ చిన్నది, టేబుల్ పైపలక డబ్బా పట్టదేమో అని నా డౌట్, గేటు దగ్గర దించినా పర్లేదు, పైకి మేం ఎక్కించుకుంటాం.

బిల్లు మీద పేరు మారదు, నాదే. బిల్లింగ్ అడ్రస్ కూడా కొత్తదే వేయగలిగితే వేయండి, రేపు వారంటీలో ఎవరైనా రావాల్సొస్తే బిల్లు చూసి పాత ఇంటికి వెళ్లకుండా ఉంటారు. అది కుదరకపోతే వదిలేయండి, డెలివరీ అడ్రస్ మారితే నాకు చాలు.

ఎక్స్‌ట్రా చార్జ్ ఏమైనా పడితే కడతాను, ముందు ఎంతో చెప్పండి, నా ఆర్డర్ పేజీలోనే పే చేసేలా పెట్టండి. ఇది ఎందుకు ప్రత్యేకంగా చెప్తున్నానంటే ఇవాళ పొద్దున్నే ఒక మెసేజ్ వచ్చింది, మీ పార్సిల్ అడ్రస్ సరిగా లేదు, ఈ లింక్ నొక్కి అప్‌డేట్ చేసి కొంచెం ఫీజు కట్టండి అని. ఆర్డర్ నంబర్ లేదు, మీ షాప్ పేరు లేదు, నా పార్సిల్ ఇంకా మీ గోడౌన్ దాటనే లేదు. మీరు పంపింది కాదనే నా నమ్మకం, లింక్ నొక్కలేదు. ఒకవేళ మీదే అయితే చెప్పండి, కాకపోతే మీ మిగతా కస్టమర్లకి కూడా ఒక మాట చెప్తే మంచిది, నాలాగా అడ్రస్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఠక్కున నొక్కేస్తారు.

ఈ రిక్వెస్ట్ పంపుతున్నది నేనే అని మీకు నమ్మకం కావాలి కదా, ఎవరో పార్సిల్ దారి మళ్లిస్తున్నారనుకుంటే కష్టం. ఆర్డర్ పెట్టిన మెయిల్ ఐడీ నుంచే రాస్తున్నా. ఇంకా చెక్ చేసుకోవాలంటే ఆర్డర్‌లో ఉన్న 46 నంబర్‌కి కాల్ చేయండి, ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఎప్పుడైనా ఎత్తుతా. ఓటీపీ మాత్రం ఫోన్లో చెప్పను, అడగొద్దు.

ఇవన్నీ విన్నాక కూడా, మా సిస్టమ్‌లో ఇప్పుడు అడ్రస్ మార్చడం కుదరదు అంటే, అదీ ఓకేనే, అలాంటప్పుడు ఆర్డర్ మొత్తం క్యాన్సిల్ చేసి డబ్బులు వెనక్కి వేయండి, నేను ఈ కొత్త అడ్రస్ మీద ఇదే టేబుల్, ఇదే కుర్చీ అప్పుడే మళ్లీ పెట్టుకుంటా. వాల్‌నట్ కలర్ ఒక్కటే మిగిలిందని చూపించింది, క్యాన్సిల్ చేసే ముందు నాకు ఒక కాల్ కొడితే స్టాక్ పోకుండా వెంటనే ఆర్డర్ పెట్టేస్తా. ఒకటి మార్చి ఒకటి మార్చలేమంటే, అంటే టేబుల్ కుదిరి కుర్చీ కుదరదంటే, కుర్చీ క్యాన్సిల్ చేయండి, టేబుల్ పంపండి.

రేపు సాయంత్రం లోపు ఒక్క లైన్ రిప్లై ఇవ్వండి చాలు. వీలైతే మార్చిన తర్వాత 01, 02 రెండింటికీ అడ్రస్ కనిపించేలా స్క్రీన్‌షాట్ పెట్టండి, చివర 500070 అని కనిపిస్తే ఇక నేను మిమ్మల్ని విసిగించను. మీ దగ్గర్నుంచి ఏం రాకపోతే ఎల్లుండి డిస్పాచ్ కాబట్టి రేపు సాయంత్రం ఆరు తర్వాత నేనే మళ్లీ ఫోన్ చేస్తా.

థాంక్యూ అండి,
మాధవి
ఆర్డర్ నంబర్ SD-48213076 (01, 02 రెండూ)