ఒక్క ఊపిరి ఎంత దూరం వెళ్తుంది?

కూర్చోండి పిల్లలూ. పుస్తకాలు ఇప్పుడే తెరవద్దు. అందరూ మామూలుగా ఒకసారి ఊపిరి పీల్చి, ఆపండి. నేను చెయ్యి దించేదాకా అలాగే ఉండండి. ఇబ్బందిగా ఉంటే వదిలేయండి, ఇది పోటీ కాదు.

సరే, వదలండి! వెనక బెంచీలో ఇద్దరు మధ్యలో దొంగతనంగా పీల్చారు, చూశాను.

చివర్లో "ఇక నా వల్ల కాదు" అనిపించింది కదా? ఎందుకు? ఒంట్లో ఆక్సిజన్ అయిపోయిందనా? అందరూ అవునంటున్నారు. కాదు. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఊపిరి వెనకాలే మనమూ లోపలికి వెళ్దాం.

పెద్దవాళ్లు మామూలుగా ఒకసారి పీల్చే గాలి సుమారు అర లీటరు. మీకు కాస్త తక్కువ. అందులో ఆక్సిజన్ 21 శాతమే, నైట్రోజన్ 78 శాతం దాకా ఉంటుంది. మరి ఆ గాలిని లోపలికి లాగింది ఎవరు? ఊపిరితిత్తులు అనుకుంటాం. పాపం, వాటంతట అవి ఉబ్బలేవు. వాటి కింద గొడుగులా ఉన్న ఉదరవితానం అనే కండరం బిగుసుకుని కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి. ఛాతీలో చోటు పెరుగుతుంది. ఆ చోటులోకి బయటి గాలి తోసుకొస్తుంది.

ముక్కులో వెంట్రుకలు, జిగురు దుమ్మును పట్టేస్తాయి. గాలి వెచ్చబడి, తడి అందుకుంటుంది. తర్వాత గొంతులో నాలుగు రోడ్ల కూడలి లాంటి చోటు: అన్నం, గాలి రెండూ అక్కడికే వస్తాయి. మింగేటప్పుడు ఉపజిహ్విక మూతలా వాలి గాలి దారిని కాపాడుతుంది. తింటూ కబుర్లు చెబితే పొలమారేది ఇక్కడే. మీ గొంతు కింది భాగాన్ని వేలితో మెల్లగా తాకండి. గట్టిగా, మెట్లు మెట్లుగా తగులుతోందా? అది వాయునాళం. ముడుచుకుపోకుండా మృదులాస్థి ఉంగరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి.

అది రెండుగా చీలుతుంది. కుడివైపు గొట్టం కాస్త వెడల్పు, కాస్త నిటారు. అందుకే చిన్నపిల్లలు పొరపాటున గింజో పూసో పీలిస్తే ఎక్కువగా కుడివైపుకే పోతుంది. అక్కణ్ణుంచి రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, ఇలా సుమారు 23 సార్లు చీలి చివరికి వాయుగోణులు అనే బుల్లి గాలి సంచుల దగ్గర ఆగుతుంది.

ఇక్కడ కాసేపు నిలబడదాం, ఎందుకంటే నాకు శరీరం మొత్తంలో బాగా నచ్చే చోటు ఇదే. పెద్దవాళ్లలో వాయుగోణులు 30 కోట్లకు పైనే ఉంటాయి. అన్నింటినీ విప్పి పరిస్తే ఈ గది నేలంతా కప్పేయొచ్చు. వాటి గోడ ఎంత పలచనంటే, ఇటు గాలికీ అటు రక్తానికీ మధ్య చాలాచోట్ల మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ గోడ దాటి ఆక్సిజన్ రక్తంలోకి పోతుంది, కార్బన్ డయాక్సైడ్ ఇటు వస్తుంది. ఎర్ర రక్తకణం అక్కడ గడిపేది ఒక సెకను కన్నా తక్కువే. ఆ కాస్త సేపట్లోనే దానిలోని ప్రతి హిమోగ్లోబిన్ నాలుగు ఆక్సిజన్ అణువుల దాకా ఎక్కించుకుంటుంది.

చాలామంది ప్రయాణం ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. ఊపిరితిత్తి స్టేషన్ మాత్రమే, ఊరు ఇంకా రాలేదు. రక్తం గుండె ఎడమవైపుకు చేరి, మహాధమనిలోంచి దూసుకెళ్లి, మీ బొటనవేలి దాకా పోతుంది. అక్కడి కణంలో, మైటోకాండ్రియా లోపల, ఆక్సిజన్ దిగుతుంది. తిన్న తిండిలోంచి శక్తి బయటికి తీయడానికి అది కావాలి. మంట ఉండదు, పొగ ఉండదు, ఆ శక్తితోనే మీరిప్పుడు నా మాట వింటున్నారు. వినేవాళ్ల సంగతే చెబుతున్నాను!

ఆ పనిలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో వెనక్కి బయలుదేరుతుంది. ఇప్పుడు మన ప్రశ్న. ఊపిరి బిగబడితే ఇది బయటికి పోలేక రక్తంలో పేరుకుంటుంది. మెదడు అడుగున మజ్జాముఖం దాన్ని పసిగట్టి "పీల్చు, పీల్చు" అని తొందరపెడుతుంది. ఇందాక మిమ్మల్ని టెన్షన్ పెట్టింది ముఖ్యంగా అదే.

ఇంకో మాట. ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాం అని గడగడా అప్పజెప్పేస్తారు. కానీ వదిలే గాలిలో కూడా ఆక్సిజన్ సుమారు 16 శాతం ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాకా ఉంటుంది. ఊపిరి ఆగినవాళ్లకు నోటితో గాలి ఊది బతికించగలుగుతున్నది ఆ మిగిలిన ఆక్సిజన్ వల్లే.

ఆ నాలుగు శాతం నిజంగా ఉందో లేదో నా మాట నమ్మక్కర్లేదు. బల్లల మీద గ్లాసుల్లో ఉన్నది సున్నపు తేట, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే తెల్లబడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. స్ట్రాతో నెమ్మదిగా ఊదండి. ఊదడమే, పీల్చడం లేదు, అర్థమైందా? తెల్లబడటానికి ఎన్ని ఊపిర్లు పట్టాయో లెక్కపెట్టి రాసుకోండి. మొదటి వరుస, లేవండి.