విషయం: ఫ్లూ జ్వరం, 9 నుంచి 13 వరకు సిక్ లీవు, జీఎస్టీఆర్-1 తో పాటు ఆగకూడని పనులు

ప్రసాద్ సార్, నమస్తే.

నిన్న ఫోన్‌లో ఒక్కరోజులో తగ్గిపోతుందని చెప్పాను కానీ తగ్గలేదు. ఆదివారం రాత్రి పట్టుకున్న జ్వరం 102 దగ్గరే ఉంటోంది. మాత్ర వేసుకుంటే రెండు గంటలు దిగి, మళ్లీ చలితో మొదలవుతోంది. సాయంత్రం డాక్టర్ గారు ముక్కులోంచి శాంపిల్ తీయించి ఫ్లూ అని తేల్చారు. 5 రోజులకు మందులు రాశారు, మాత్ర లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే బయటికి కదలమన్నారు. అందుకని ఈ రోజు, అంటే డిసెంబర్ 9 మంగళవారం నుంచి 13 శనివారం వరకు సిక్ లీవు ఇప్పించగలరు. 15వ తేదీ సోమవారం వస్తాను. చీటీ, రిపోర్టు ఫొటోలు జత చేశాను.

పనులన్నిటిలో నాకు టెన్షన్ జీఎస్టీఆర్-1 గురించే. గడువు 11వ తేదీ గురువారమే అయినా మనం మాత్రం రేపు సాయంత్రానికే ఫైల్ చేసెయ్యాలి. ఎందుకంటే ఓటీపీ పెద్దసార్ ఫోన్‌కే వస్తుంది, ఆయన గురువారం తిరుమలలో దర్శనానికి వెళ్తున్నారు. క్యూలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కదా, ఎన్ని గంటలకు బయటికి వస్తారో ఎవరం చెప్పలేం. గడువు దాటితే మన బిల్లులు డీలర్లకు ఈ నెల 2బీలో కనిపించవు. ఆ ఫోన్లన్నీ మళ్లీ మీకే వస్తాయి.

నవంబర్ అమ్మకాలన్నీ ట్యాలీతో సరిచూశాను. హెచ్ఎస్ఎన్ పట్టిక కూడా జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లకు వేరుగా, లేనివాళ్లకు వేరుగా చేసి పెట్టాను. మిగిలింది ఒక్క బిల్లు, 1187. అది నా పొరపాటే సార్. జగ్గయ్యపేట, కోదాడ రెండు షాపులూ ఒకే ఓనరువి కావడంతో, కోదాడకు వెళ్లిన మోటార్ల బిల్లులో 36తో మొదలయ్యే నంబరు బదులు జగ్గయ్యపేట షాపుది, 37తో మొదలయ్యేది పడింది. దాంతో ఐజీఎస్టీ పడాల్సిన చోట సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పడ్డాయి. శనివారం చివర్లో గమనించాను. దీన్ని ఎలా సరిచేయాలో ఆడిటర్ గారిని అడిగి, ఆయన చెప్పాకే ఫైల్ నొక్కాలి. మీరు ఒక మాట చెబితే ఆయన త్వరగా చూస్తారు, నేను చేస్తే "సాయంత్రం చూద్దాం అమ్మా" అంటారు.

ఇదంతా నవీన్ చూసుకుంటానన్నాడు. పొద్దున అరగంట ఫోన్‌లో మాట్లాడుకున్నాం. షీటు షేర్డ్ ఫోల్డర్‌లో `Nov_Sales_Final2.xlsx` అని ఉంది. పక్కనే ఉన్న `Final` తెరవొద్దు, అది పాతది. పాత తేదీ వోచర్లు మార్చడానికి తన ట్యాలీ లాగిన్‌కు అనుమతి లేదు, ఈ రోజే మీ అడ్మిన్ నుంచి ఇప్పించండి. నా పాస్‌వర్డ్ ఇస్తే సరిపోయేది కానీ, రేపు ఎవరు ఏం మార్చారో తెలియకుండా పోతుంది.

పీఎఫ్, ఈఎస్ఐ గడువు 15. నేను వచ్చే రోజే కాబట్టి దాని మీద ఆధారపడొద్దు, శుక్రవారం కట్టేస్తే నయం. చలాన్ లెక్క సిద్ధంగా ఉంది. గోడౌన్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి మాత్రం యూఏఎన్ ఇంకా రాలేదు. ఉమంగ్ యాప్‌లో తన ముఖం చూపించి తనే తీసుకోవాలి. రెండుసార్లు ప్రయత్నిస్తే గోడౌన్ చీకట్లో ముఖం పట్టలేదు. వాకిట్లో వెలుతురులో నిలబెట్టి చేయించమని సునీత గారికి చెప్పాను.

గుడివాడ పార్టీ 10వ తేదీ చెక్కు క్యాష్ పెట్టె కింది అరలో, నీలం కవర్లో ఉంది. బ్యాంకులో వేసే ముందు ఒకసారి ఫోన్ చేయమన్నారు. చేయకుండా వేస్తే ఏమవుతుందో పోయిన నెల చూశాం. పెట్టె తాళం మా తమ్ముడితో పంపాను, పదిన్నరకల్లా సునీత గారికి అందుతుంది.

మిగతావి, అంటే ఖర్చుల వోచర్లు, రవాణా బిల్లుల ఎంట్రీలు, నేను వచ్చాక చేసుకుంటాను.

ఇంకొకటి సార్. ఫ్లూ జ్వరం కనిపించడానికి ముందు రోజు నుంచే అంటుకుంటుందట. శనివారం మధ్యాహ్నం నా డబ్బాలో గోంగూర పచ్చడి అందరం వేసుకున్నాం, నవీన్ అయితే నా పక్కనే కూర్చున్నాడు. ఎవరికైనా ఒళ్లునొప్పులు, దగ్గు మొదలైతే లాక్కురాకుండా డాక్టర్‌కు చూపించుకోమనండి. మీ ఇంట్లో అమ్మగారు పెద్దవారు, మీరూ జాగ్రత్త. నవీన్ పడిపోతే మాత్రం రిటర్ను సంగతి వెంటనే నాకు చెప్పండి, ఆడిటర్ గారి ఆఫీసులోనే వేయించేద్దాం.

పొద్దున 11 నుంచి 12 వరకు, సాయంత్రం 5 తర్వాత ఫోన్ ఎత్తగలను. మధ్యలో మందుల మత్తుకు నిద్రపోతున్నాను. అత్యవసరమైతే రెండుసార్లు వరుసగా చేయండి, మా అమ్మ లేపుతుంది.

లీవు సంగతి ఒక్క మాట రిప్లై ఇస్తే సునీత గారు రిజిస్టర్‌లో రాసుకుంటారు.

ఇట్లు,
శిరీష
అకౌంట్స్ విభాగం, విజయవాడ