కార్బన్ పన్ను భారం ఎవరిది? పేద కుటుంబాలను రిబేటు ఎలా కాపాడుతుంది?

ఎం.ఏ. ఆర్థికశాస్త్రం, మూడో సెమిస్టర్
పేపర్: పర్యావరణ అర్థశాస్త్రం, అసైన్‌మెంట్ 2
ప్రశ్న: కార్బన్ పన్ను అంతిమ భారం ఎవరి మీద పడుతుందో వివరించి, పేద కుటుంబాలకు రిబేటు ఇచ్చే పద్ధతిని మీ ప్రాంతపు ఉదాహరణలతో చర్చించండి.

కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. అక్కడ మండే బొగ్గు మీద కార్బన్ పన్ను వేస్తే చలానా కట్టేది బొగ్గు అమ్మే సంస్థ. ఆ సొమ్ము బొగ్గు ధరలో కలిసి జెన్‌కోకి, అక్కణ్నుంచి డిస్కంకి, చివరికి ఇంటి కరెంటు బిల్లుకి చేరుతుంది. ఇంధనం ఖర్చు పెరిగితే బిల్లులో సర్దుబాటు ఛార్జీ పడటం మనకు తెలిసిందే. కాబట్టి చట్టం ఎవరి పేరు రాసిందన్నది ముఖ్యం కాదు. వాడకం తగ్గించుకోలేనివారు, ధర పెంచి ఇంకొకరి మీదికి నెట్టలేనివారు భారం మోస్తారు. అర్థశాస్త్రంలో గిరాకీ, సప్లై వ్యాకోచత్వాలు చెప్పేది ఇదే.

మన దేశంలో కార్బన్ పన్ను అన్న పేరుతో పన్ను లేదు. దానికి దగ్గరగా ఉండేది బొగ్గు సెస్. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400 అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక అదే 400 పరిహార సెస్‌గా మారింది, రాష్ట్రాల ఆదాయ లోటు పూడ్చడానికి పోయింది. 2025 సెప్టెంబరులో ఆ సెస్ తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. టన్ను 2,000 రూపాయల బొగ్గుకు ఇంతకుముందు 500 పన్ను పడేది, ఇప్పుడు 360 పడుతుంది. అంటే చవక బొగ్గుకు పన్ను తగ్గింది. పొగ లెక్క వదిలేసి ధర లెక్క పట్టుకుంటే ఇలాగే అవుతుంది. ఇన్నేళ్లలో సెస్ సొమ్ము రిబేటుగా ఏ ఇంటికీ తిరిగి రాలేదన్నది నా ప్రధాన అభ్యంతరం.

ఇక భారం లెక్క చూద్దాం. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 1,000 రూపాయల పన్ను అనుకుందాం. లీటరు డీజిల్ నుంచి సుమారు 2.68 కిలోలు, పెట్రోల్ నుంచి 2.3 కిలోలు, 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ నుంచి 42 కిలోలు, గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు వెలువడతాయి. అంటే డీజిల్ లీటరుకు 2.68 రూపాయలు, సిలిండర్‌కు 42, యూనిట్‌కు 70 పైసలు పడతాయి. ఖర్చంతా వాడకందారు మీదికే వస్తుందని, ఈ కింది మూడు కుటుంబాలూ ఊహించినవేనని గమనించాలి.

మొదటిది కళ్యాణదుర్గం వైపు పల్లెలో అయిదుగురున్న కూలీ కుటుంబం. నెలాదాయం 12,000. కరెంటు 60 యూనిట్లు, రెండు నెలలకో సిలిండర్. ఈ రెండింటి మీద 63 రూపాయలు, సరుకుల ధరల్లో కలిసి వచ్చేది మరో 40, మొత్తం 103. రెండోది అనంతపురం టౌన్‌లో నలుగురున్న ఉద్యోగి కుటుంబం. ఆదాయం లక్ష. ఏసీతో 350 యూనిట్లు, నెలకో సిలిండర్, 40 లీటర్ల పెట్రోల్, వస్తువుల ద్వారా 200 కలిపి 579. రూపాయల్లో చూస్తే ఉద్యోగి అయిదింతలకు పైగా కడుతున్నాడు. ఆదాయంలో వాటాగా చూస్తే కూలీ కుటుంబానికి 0.86 శాతం, ఉద్యోగికి 0.58 శాతం. దీన్నే తిరోగామి పన్ను అంటాం.

మూడోది కడపలో డీజిల్ షేర్ ఆటో నడిపే వ్యక్తి కుటుంబం. నలుగురు, ఆదాయం 18,000. రోజుకు 5 లీటర్ల చొప్పున నెలలో 25 రోజులకు డీజిల్ మీదే 335, ఇంటి ఖర్చు మీద 148, మొత్తం 483. ఆదాయంలో 2.7 శాతం. అందరికంటే ఎక్కువ దెబ్బ ఇతనికే. ఛార్జీ పెంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ 20 రూపాయల ఛార్జీ మీద రూపాయి, అర్ధరూపాయి పెంచడం కుదరదు. పది పెంచితే ఎక్కేవాళ్లుండరు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆ పథకం అవసరమే, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ దానివల్ల ఆటో గిరాకీ బాగా వ్యాకోచంగా మారింది, అంటే ఇతను పన్నును ప్రయాణికుల మీదికి నెట్టలేడు. పేదలందరినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే ఈ మనిషి లెక్కలోంచి జారిపోతాడు.

మూడు ఇళ్ల నుంచి వసూలైన 1,165 రూపాయలను 13 మందికి సమంగా పంచితే తలకు దాదాపు 90. కూలీ కుటుంబానికి 450 వస్తుంది, కట్టింది 103. వసూలైన దాంట్లో పావు వంతు మాత్రమే పంచినా వారికి నష్టం ఉండదు. ఉద్యోగి కుటుంబం 220 దాకా నికరంగా కడుతుంది, అది న్యాయమే. ధర మాత్రం పెరిగే ఉంటుంది కాబట్టి వాడకం తగ్గించుకున్నవారికి ఆ మేరకు మిగులుతుంది. ఇంధనం రేటు తగ్గించడం కంటే తలసరి నగదు మేలనడానికి కారణం ఇదే: రేటు తగ్గిస్తే ఎక్కువ కాల్చేవారికే ఎక్కువ లాభం.

ఆటో కుటుంబానికి మాత్రం రిబేటు పోగా ఇంకా 125 లోటు. 2025 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు 15,000 చొప్పున సాయం ఇచ్చింది, కాబట్టి వారి జాబితా సిద్ధంగా ఉంది. అదే జాబితాతో అదనపు రిబేటు ఇవ్వాలి. అది డీజిల్ లీటర్లకు ముడిపెట్టకుండా స్థిరమైన మొత్తంగా ఉంటే, సీఎన్‌జీకో ఎలక్ట్రిక్ ఆటోకో మారినా అతనికి పోదు.

గ్యాస్ విషయంలో నేను సూత్రాన్ని పక్కన పెడతాను. సిలిండర్ ధర పెరిగితే మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు కంపచెట్లు కొట్టుకొచ్చి మళ్లీ పొయ్యి రాజేస్తారు. కట్టెల మీద పన్ను లేదు, పొగ మాత్రం వాళ్ల ఊపిరితిత్తుల్లోకే. అందుకని ఇంటి సిలిండర్లను కొన్నాళ్లపాటైనా పన్ను నుంచి తప్పించాలి. దీపం-2 పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమే, కానీ ముందు పూర్తి ధర చెల్లించాలి, తర్వాత ఖాతాలో జమ అవుతుంది. చేతిలో డబ్బు ఆడని ఇంటికి ఆ మధ్య రోజులే కష్టం. రిబేటుకు ఆ పద్ధతి పనికిరాదు.

కెనడా అనుభవం చూడాలి. 2019లో మొదలైన ఫెడరల్ ఇంధన ఛార్జీలో ఎక్కువ భాగాన్ని కుటుంబాలకు తిరిగి ఇచ్చారు. అయినా ఆ జమ ఎందుకు వస్తోందో చాలామందికి తెలియలేదు, పంపు దగ్గర ధర మాత్రం అందరికీ కనిపించింది. 2025 ఏప్రిల్‌లో ఆ ఛార్జీని ఎత్తేశారు. ఫ్రాన్స్‌లో కుటుంబాలకు తగిన పరిహారం లేకుండా ఇంధన పన్ను పెంచబోతే 2018లో పసుపు చొక్కాల ఉద్యమం లేచి, పెంపు ఆగిపోయింది.

మన దగ్గర పెన్షన్ ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చిస్తున్నారు. రిబేటు కూడా అలా తెలిసిన తేదీకి, విడి పేరుతో, ఇంటి ఆడవారి ఖాతాలో పడాలి. పట్టాదారు పాసుపుస్తకాన్ని ఆధారం చేస్తే కౌలు రైతులు పోతారు. ఊళ్లో ఉన్నప్పుడే వేలిముద్ర వేయాలంటే బెంగళూరుకు వలస పోయినవారు పోతారు. అందుకే రేషన్ కార్డులోని మనుషుల లెక్కనే తీసుకుని, దరఖాస్తు అడగకుండా, పన్ను అమలయ్యే నెలకు ముందు నెలలోనే మొదటి విడత వేయాలని నా ప్రతిపాదన.