నా సస్పెన్స్ ఖాతా తేలుస్తున్నాను: నా వీడ్కోలు సభలో నా మీద నేనే చదివిన చిట్టా

అందరికీ నమస్కారం. 10 నిమిషాలే మాట్లాడతానంటే మీలో ఒక్కరూ నమ్మరని తెలుసు. క్యాలెండర్‌లో 30 నిమిషాలు పెట్టి, 50 దాటాక "చివరగా ఒక్క విషయం" అనే మనిషిని నేనే. ఆ ఒక్క విషయంలో ఎప్పుడూ మూడు ఉండేవి. అందుకే ఈసారి కాగితం మీద రాసుకొచ్చాను. కాగితం అయిపోగానే ఆపేస్తాను.

వెళ్లిపోయేవాళ్ల గురించి మిగతావాళ్లు నాలుగు మంచి మాటలు వెతుక్కోవడం ఇలాంటి సభల్లో మామూలే. మీకా శ్రమ తప్పిస్తాను. 11 ఏళ్లు అకౌంట్స్‌లో పనిచేసినందుకు నా లెక్క నేనే ఒప్పజెబుతాను. డెబిట్ వైపు నేను చదువుతాను. క్రెడిట్ వైపు ఎవరెవరున్నారో వింటుంటే మీకే తెలిసిపోతుంది.

మొదటిది అంకెల తారుమారు. 5,463ని 5,643 అని కొట్టడం నా చేతికి పుట్టుకతో వచ్చిన విద్య. కళ్లు సరిగ్గానే చూస్తాయి, నోరు సరిగ్గానే చదువుతుంది, వేళ్లు మాత్రం మధ్యలో అంకెల చేత కుర్చీలాట ఆడిస్తాయి. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడైనా 9తో శేషం లేకుండా పోతుంది. ఇక్కడ తేడా 180, అంటే 9 ఇంటూ 20. నిన్నగాక మొన్న చేరినవాళ్లకి కూడా ఈ సూత్రం కంఠతా వచ్చిందంటే అది ట్రైనింగ్ గొప్పతనం కాదు, నా వోచర్ల పుణ్యం. ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే మన సీనియర్ మేడం ముందు తేడాని 9తో భాగించేవారు. పోయిందా, నేరుగా నా కట్ట తీసేవారు. "మళ్లీ నువ్వేనా" అని ఒక్కసారి కూడా అనలేదు. తప్పు అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, వోచర్ నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. మేడం, ఆ సున్నాలు ఎన్నో నాకు తెలీదు. ఎన్ని కూడినా సున్నానే కదా అని మీరు పట్టించుకోలేదనుకుంటాను.

కొనుగోలు వాపసులు వస్తే నాకు కుడి ఎడమలు గుర్తుండవు. క్రెడిట్‌లో పడాల్సింది డెబిట్‌లో పడితే తేడా రెట్టింపు అవుతుంది. కాబట్టి 9తో పోకపోతే తేడాని సగం చేసి, ఆ మొత్తం ఎక్కడుందో వెతకండి. అక్కడ కూడా నా సంతకమే కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇక నా ఎక్సెల్ ఫైళ్లు. నెలాఖరు క్లోజింగ్ ఫోల్డర్ తెరిస్తే `Closing_Final.xlsx`, `Closing_Final_2.xlsx`, `Closing_Final_Latest.xlsx`, `Closing_Final_Latest_USE_THIS.xlsx` అని వరసగా ఉండేవి. వాటిలో అసలైనది `Closing_Final_2.xlsx`. ఎందుకో నన్నడగకండి. ఈ వారం కూర్చుని అన్నింటికీ పేర్లు మార్చాను: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ. అలా పెడితే పేర్ల వరసలో పేర్చినా తేదీల వరసలోనే వస్తాయి. పాతవన్నీ ఆర్కైవ్‌లో పడ్డాయి. మొత్తం 3 గంటల పని. దానికి 11 ఏళ్లు పట్టింది.

ఆ ఫైళ్ల లోపల ఇంకో సంగతుంది. `VLOOKUP` రాసేటప్పుడు చివర `FALSE` పెట్టడం మర్చిపోయే జబ్బు నాకుంది. అది పెట్టకపోతే ఎక్సెల్ సరిగ్గా అదే కోడ్ కోసం వెతకదు, దగ్గర్లో ఉన్నదాన్ని పట్టుకొచ్చేస్తుంది. ఎర్రర్ చూపిస్తే ఎవరో ఒకరు పట్టుకునేవారు. చూపించదు, నిబ్బరంగా తప్పు చెబుతుంది. ఒకరి బిల్లు ఇంకొకరి పేరు మీద కూర్చుంటుంది, ఆ ఇద్దరి ఫోన్లూ పేమెంట్స్ డెస్క్‌కే వస్తాయి. పేమెంట్స్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఫోన్‌లో "మా వైపు నుంచే పొరపాటు" అన్నప్పుడల్లా ఆ "మా"లో నన్ను దాచిపెట్టారు. అది నేను పక్క బల్ల నుంచి వింటూనే ఉన్నాను. ఇంకో మాట, నా షీట్లలో `F` నుంచి `K` వరకు కాలమ్స్ కనిపించకపోతే పోయాయని కంగారుపడకండి. నేనే హైడ్ చేసి మర్చిపోయాను.

నా మాట మీద ఆధారపడి పని పెట్టుకున్నవాళ్లకి ఒక మార్పిడి పట్టిక ఉందని ఈ మధ్యే తెలిసింది. నేను "10 నిమిషాల్లో ఇస్తా" అంటే 40 అని రాసుకుంటారట. నెలాఖరులో అయితే గంట. చాలా న్యాయమైన లెక్క, నేను చూసి సరిపోల్చుకున్నాను. "అటాచ్‌మెంట్ చూడగలరు" అని అటాచ్‌మెంట్ లేకుండా మెయిల్ పంపడం, వెంటనే రెండోది పంపడం, అందులో పోయిన నెల ఫైలు ఉండటం... మూడో మెయిల్ వచ్చేదాకా ఏదీ తెరవకూడదని రిపోర్టింగ్ వాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు.

నా మానిటర్ చుట్టూ ఇవాళ పొద్దున 14 స్టిక్కీ నోట్లు ఊడబీకాను. ఒకదాని మీద "అడగాలి" అని మాత్రమే ఉంది. ఎవర్ని, ఏం అడగాలో లేదు. ఆ చీటీ మీలో ఎవరికి సంబంధించిందో తెలీదు కాబట్టి, అడగాల్సింది ఈ రెండు నెలల్లో ఎప్పుడైనా ఫోన్ చేసి నన్నే అడగండి.

ఇప్పుడు అసలు నేరం: 0.01. బ్యాంకు లెక్కతో మన లెక్క 0.01 తేడా వస్తే రౌండింగ్ ఆఫ్ ఖాతాలో వేసి లేవడం 2 నిమిషాల పని. నేను లేవను. చిన్న తేడా కింద రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని పడుకుని ఉండొచ్చని నా వాదన. ఆ వాదన ఈ రోజుకీ వదులుకోను, అది నిజం. కానీ దాన్ని రాత్రి 8 గంటలకి, ఇంటికి బయల్దేరిన మిమ్మల్ని వెనక్కి పిలిచి నిరూపించాల్సిన అవసరం లేదు. ఎన్నోసార్లు కొండను తవ్వి ఎలుకను పట్టాం. బ్యాగులు భుజాన వేసుకునే, నిలబడే, మీరు నాతో పాటు తవ్వారు. "పోనీలే రేపు చూద్దాం" అని మీరంటే నేనూ లేచేదాన్ని కాదు, అది మీకూ తెలుసు.

నా సీట్లోకి వస్తున్న తమ్ముడికి రెండు ముక్కలు. మూడో డ్రాయర్ లాగితే రాదు, కాస్త పైకెత్తి లాగాలి. స్టేప్లర్ అందులోనే ఉంది. అది నాది కాదు, ఆడిట్ వాళ్లది. ఇవాళ వాళ్లు ఈ గదిలోనే ఉన్నారు కాబట్టి తిరిగిచ్చేశానని లెక్క.

మీ అందరికీ నేను బాకీనే. మీరు సర్దిన తప్పులకి వోచర్లు లేవు, ఉంటే నేనే ముందు సంతకం పెట్టేదాన్ని.

చివరగా ఒక్క విషయం. నవ్వకండి, ఈసారి నిజంగా ఒక్కటే. ఎటు వేయాలో తెలియనివి తాత్కాలికంగా పెట్టుకునే చోటు సస్పెన్స్ ఖాతా. నా చేతిలో అవి అక్కడే కాపురాలు పెట్టేశాయి. సోమవారం నాటికి 23 ఎంట్రీలు ఉండేవి. ఇవాళ మధ్యాహ్నానికి 22 తేల్చాను. మిగిలిన ఒక్కదాన్ని అలవాటు కొద్దీ 9తో భాగించి చూశాను. పోలేదు. సగం చేసి వెతికాను. దొరకలేదు. కాబట్టి అది నాది కాదు, మీలో ఎవరిదో. సోమవారం చూసుకోండి, ఫోన్ చేస్తే నేనూ ఉంటాను.