హన్మకొండ నయీంనగర్‌లో మా జిమ్: చేరేముందు ఇది చదవండి

ఫీజు నెలకు 1200, మూడు నెలలకు 3000, ఏడాదికి 9000 రూపాయలు. అడ్మిషన్ 300, ఒక్కసారే. పన్ను ఇందులోనే కలిసి ఉంది. పర్సనల్ ట్రైనర్ కావాలంటే నెలకు 4000 అదనం. తీసుకోకపోయినా వ్యాయామాలు ఎట్లా చేయాలో ట్రైనర్ చూపిస్తారు, అది ఫీజులో భాగమే.

కొత్తవాళ్లు ముందు ఒక్క నెలే కట్టండి. నెల నెలా కట్టేదానికన్నా ఏడాది ప్యాకేజీ మీకు లాభం కావాలంటే కనీసం ఎనిమిది నెలలు రావాలి. ఏడు నెలలకే ఆపేస్తే నెల నెలా కట్టిన దానికన్నా 600 ఎక్కువ పోతాయి. చేరిన వారం లోపల వద్దనుకుంటే అడ్మిషన్ మినహా పైసలు వాపసు. ఆ తర్వాత వాపసు లేదు. మూడు నెలలు, ఏడాది కట్టినవాళ్లు ఊరెళ్లినా, జ్వరమొచ్చినా ముందే చెబితే 30 రోజుల వరకు గడువు పొడిగిస్తాం.

పొద్దున 5 నుంచి 10, సాయంత్రం 4:30 నుంచి 9:30. ఆడవాళ్లకు మాత్రమే 10 నుంచి 11:30, ట్రైనర్ కూడా మహిళే. ఆదివారం పొద్దున మాత్రమే. సద్దుల బతుకమ్మ, దసరా రోజుల్లో సెలవు. సాయంత్రం 6:30 నుంచి 8:30 దాకా బాగా రద్దీ. బెంచీలు రెండే, కాబట్టి ఆగాల్సి వస్తుంది. ఏసీ లేదు, కూలర్లు ఉన్నాయి. కరెంటు పోతే లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి, ట్రెడ్‌మిల్ ఆగిపోతుంది. ఎండాకాలంలో పొద్దున్నే రావడం మంచిది.

ఇక ఫలితాలు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 45 నిమిషాలు చేసి, తిండి కూడా సరిచేసుకుంటే నెలకు సుమారు రెండు కిలోలు తగ్గొచ్చు. మొదటి వారం ఎక్కువ తగ్గినట్టు కనిపిస్తే అందులో చాలావరకు నీరే. పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామం లేదు: ఎన్ని క్రంచెస్ కొట్టినా కండ గట్టిపడుతుంది గానీ పైనున్న కొవ్వు ఒంటి మొత్తంతో పాటే కరుగుతుంది. బరువులెత్తే బలం నెలలోపే పెరుగుతుంది, కండ కంటికి కనబడడానికి మాత్రం రెండు మూడు నెలలు పడుతుంది. చాలామంది మూడో వారంలో అద్దం చూసి మానేస్తారు. దయచేసి అప్పుడే ఆగకండి.

మొదటి రోజు తక్కువ బరువుతో రెండేసి సెట్లే చేయిస్తాం. ఎక్కువ చేస్తే మరునాడు మెట్లు దిగడమే కష్టమవుతుంది. ఒంటినొప్పులు రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. కీలులో పొడిచినట్టుంటే మాత్రం ఆపేసి చెప్పండి.

అన్నం మానక్కర్లేదు. ముద్ద తగ్గించి పప్పు, గుడ్లు పెంచండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పౌడర్లు మేం అమ్మం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మాట ఇక్కడ ఎవరైనా ఎత్తితే మాకు చెప్పండి, వాళ్లను ఆ రోజే పంపించేస్తాం.

బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే చేరండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో రావొద్దు, షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

టవల్, నీళ్ల బాటిల్, లోపల వేసుకోవడానికి వేరే బూట్లు తెచ్చుకోండి. ఒకరోజు ఉచితంగా వచ్చి చేసి చూడండి, రద్దీ ఉండే టైంలోనే రండి.